పది నారుకట్టలు

ఆదివారం మధ్యాహ్నం శ్రీకాకుళం ఆసుపత్రిలో మా మేనత్త తవిటమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. నేను తప్పు జవాబు చెప్పాను.

అత్తకి రెండేళ్లుగా కిడ్నీలు పనిచెయ్యడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ వారం ఊపిరి అందక అక్కడే ఉంచేశారు. నేను యాపిల్ పళ్లు పట్టుకుని వెళ్లేసరికి ఆమె కొడుకు మురళీమోహన్ బావ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అత్త ముఖానికి ఆక్సిజన్ గొట్టం ఉంది. దాన్ని చేత్తో పక్కకి జరిపి మాట్లాడింది.

"రాజీ, నువ్వు లెక్కల టీచరమ్మవి గదే. ఇది సెప్పు. మీ నాన్న పొలం సెక్కకీ నా సెక్కకీ నాలుగు పక్కలూ ఒక్కలాగే ఉన్నాయి. మరి ఏబై కట్టల నారు మీ నాన్నకి సరిపోయి, నాకు పది కట్టలు ఏల మిగులుతాది?"

"నాటే దూరంలో తేడా అత్తా. మీ వాళ్లు కాస్త ఎడంగా నాటుంటారు."

"పన్నెండేళ్లూ ఎడంగానే నాటీసినారేటి?"

అత్త నా వైపే చూసింది.

"మా అన్నియ్యని... మీ నాన్ననేనే, ఒక్కపాలి రమ్మను. నాకు భూమొద్దు, ఏటొద్దు. 'సెల్లీ, నీ సెక్క సిన్నదే' అని ఒక్క మాట అనమను. నాను అబద్ధాలకోరుని కాదని ఈడి ముందర అనమను. సాలు."

"మావ రాడులేవే," అన్నాడు బావ గొట్టం సరిచేస్తూ. "మావకి కొలత టేపు మీద ఉన్న నమ్మకం మనిసి మీద లేదు."

అత్త నవ్వబోయింది. దగ్గొచ్చింది.

బస్సులో నౌపడ వైపు వస్తూ నేను ఆ ప్రశ్న గురించి ఆలోచించలేదు. నాన్నని ఎలా ఒప్పించి ఆసుపత్రికి తీసుకెళ్లాలా అని మాత్రమే ఆలోచించాను. చెక్క చిన్నది కాదని నాకు తెలుసు అనుకున్నాను. ఎందుకంటే ఆ లెక్క సరిచూసింది నేనే.

పన్నెండేళ్ల కిందట మా తాత పోయాక, ఆయన చెప్పినట్టే కొడుక్కీ కూతురికీ భూమి సమానంగా పంచారు. రోడ్డు పక్కన ఒక చెక్క, గెడ్డ పక్కన, అంటే వాగు పక్కన, ఒక చెక్క. మా నాన్న అసిరయ్య ఊళ్లో కొలతలు కొలిచే మనిషి. మట్టిపనికైనా, మడికైనా, ఇంటి స్థలానికైనా ఆయన్నే పిలిచేవారు. ఆయన చదువు మూడో తరగతి. వాళ్ల మావయ్య దగ్గర నేర్చుకున్న లెక్క ఒకటుంది. ఎదురెదురు వైపులు రెండూ కలిపి సగం చెయ్యి. మిగతా రెండు వైపులూ కలిపి సగం చెయ్యి. రెండు సగాలూ గుణించు. అంతే, భూమి వచ్చేస్తుంది.

చెల్లెలికి అన్యాయం జరగకూడదని నాన్న రెండు రోజులు టేపు పట్టుకుని తిరిగాడు. మేకులు జరిపి జరిపి, రెండు చెక్కలకీ వైపులు అడుగు తేడా లేకుండా చేశాడు. నూటయాభై, నూటఇరవై, నూటయాభై, నూటఇరవై. ఇద్దరికీ పద్దెనిమిది వేల చదరపు అడుగులు. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని. నాన్న కాగితం నా చేతికిచ్చి, "ఒక్కపాలి సూడమ్మీ" అన్నాడు. నేను గుణకారం చూశాను. సరిగ్గా ఉంది. కింద సంతకం కూడా పెట్టాను.

"కాలేజీ గుంట సూసినాది. ఇంకేటి డౌటు?" అన్నారు పెద్దలు నన్ను చూపిస్తూ. అత్త గెడ్డ చెక్క తీసుకుంది.

ఆ ఏడు ఉబాలకి, అంటే నాట్లకి, ఉమ్మడి నారుమడిలోంచి చెరో యాభై కట్టలు తీసుకున్నారు. నాన్న యాభై కట్టలూ అయిపోయాయి. అత్తకి పది కట్టలు మిగిలాయి. వచ్చి చెప్పింది. నాన్న నవ్వాడు. మరుసటేడు మళ్లీ మిగిలాయి. "నా సెక్క సిన్నదన్నియ్యా" అంది. నాన్నకి కోపమొచ్చింది. "నాను మోసం సేసినానంతావా?" అన్నాడు. "మోసమనలేదు, సిన్నదన్నాను" అంది. మాట మీద మాట పెరిగింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు; నారుమడి మాత్రం ఉమ్మడిగానే సాగింది, పంపకం చెరో యాభైయే. కానీ ప్రతి ఏడూ ఉబాలు అయిన సాయంత్రం అత్త ఆ మిగిలిన పది కట్టలూ తెచ్చి మా అరుగు మీద పెట్టేసి, పలకరించకుండా వెళ్లిపోయేది. నాన్న వాటిని గేదెకి వేసేసేవాడు.

మంచాన పడిన ఈ రెండేళ్లే అరుగు మీద కట్టలు లేవు.

సోమవారం తొమ్మిదో తరగతికి వైశాల్యాల రివిజన్. నేను పనిచేసేది నౌపడ దగ్గరి ఉన్నత పాఠశాలలో. సగం మంది పిల్లలు ఉప్పు పని చేసే ఇళ్ల వాళ్లు. జవాబు రాగానే పెన్ను మూసేసే అలవాటు మాన్పించడానికి బోర్డు పైన ఒక మూల మూడు ప్రశ్నలు రాసి ఉంచాను. ఇది ఏ కొలతలో ఉంది? సుమారుగా ఎంత ఉండాలి? బొమ్మని అంచుదాకా తోస్తే ఏమవుతుంది?

ముందు ధర్మేంద్ర లేచాడు. ఏడు సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం వైశాల్యం నలభై నాలుగు చదరపు సెంటీమీటర్లన్నాడు.

"ఏం గుణించావు?"

"రెండు, పై, ఏడు టీచర్."

"అందులో సెంటీమీటర్లు ఎన్నిసార్లు వచ్చాయి?"

"ఒక్కపాలే. ఏడుకే ఉన్నాది."

"ఒకసారే వస్తే అది పొడవు. చదరపు సెంటీమీటర్లు కావాలంటే సెంటీమీటరు సెంటీమీటరుతో గుణించబడాలి. నువ్వు చెప్పింది చుట్టుకొలత. సరే, సుమారుగా ఎంత ఉండాలి?"

ధర్మేంద్ర బుర్ర గోక్కున్నాడు. వెనక బెంచీ నుంచి దుర్గ అందుకుంది. "వృత్తాన్ని పద్నాలుగు పద్నాలుగుల పెట్టిలో పెడితే పెట్టి నూటతొంభై ఆరు టీచర్. దానికన్నా తక్కువుండాలి. పెట్టి నాలుగు పక్కల మధ్యలూ కలిపితే లోపల ఇంకో సతురం వస్తాది, అది సగం, తొంభై ఎనిమిది. దానికన్నా ఎక్కువుండాలి. నలభై నాలుగు ఎలాగవుతాది?"

"నువ్వు కూకో, నీకన్నీ తెలుసు," అన్నాడు ధర్మేంద్ర. అందరూ నవ్వారు. నూట యాభై నాలుగని అతనే దిద్దుకున్నాడు.

తరవాత సమలంబ చతుర్భుజం. సమాంతర భుజాల సగటుని ఎత్తుతో గుణించాలి. ఆ సూత్రం గుర్తుందో లేదో అంచుకి తోసి చూసుకోమన్నాను. పై భుజాన్ని సున్నా చేస్తే అది త్రిభుజం. సూత్రం కూడా సగం భూమి ఇంటూ ఎత్తు అయింది. పై భుజాన్ని కింది దానికి సమానం చేస్తే, భూమి ఇంటూ ఎత్తు. రెండు అంచుల్లోనూ నిలబడింది.

అప్పుడు రాంబస్ లెక్క ఇచ్చాను. భుజం అయిదు మీటర్లు, కర్ణాలు ఆరు, ఎనిమిది. కర్ణాల లబ్ధంలో సగం, ఇరవై నాలుగు చదరపు మీటర్లు. దుర్గ ఇరవై అయిదని రాసింది.

"ఎలా వచ్చింది?"

"మా తాత లెక్క టీచర్. మా నూకయ్య తాత ఉప్పుమడులన్నీ ఇలాగే కొలుస్తాడు. ఎదురెదురు పక్కలు కలిపి సగం, ఇటు పక్కలు కలిపి సగం, రెండూ గుణించడం. అయిదూ అయిదులు ఇరవై అయిదు."

నా చేతిలో సుద్దముక్క ఆగింది.

"కర్ణాలు ఇస్తే అదెందుకు వాడావు?"

"రెండు రకాలుగా సేసి సరిసూసుకోమన్నారు గదా మీరే. మీ మూడు ప్రశ్నలూ అడిగాను. కొలత? మీటరు ఇంటూ మీటరు, చదరపు మీటర్లు, కరెస్టే. సుమారుగా? మీ ఇరవై నాలుక్కీ నా ఇరవై అయిదుకీ ఎంత తేడా? రెండు ప్రశ్నలు పాసైపోనాది టీచర్, మా తాత లెక్క."

"మూడోది?"

"అంచుకి తొయ్యడం నాకు రాలేదు."

బల్ల సొరుగులో అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలూ ఎప్పుడూ ఉంటాయి. నాలుగు పుల్లలు మూలల దగ్గర ట్యూబుతో కలిపి చతురస్రం చేసి దుర్గ చేతికిచ్చాను. "పక్కకి తొయ్యి."

తోసింది. చతురస్రం వాలింది. ఇంకా తోసింది. సన్నబడింది. చివరికి నాలుగు పుల్లలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

"భుజాలు మారాయా?"

"లేదు."

"లోపల ఎంత చోటుంది?"

"ఏటీ లేదు."

"మీ తాత లెక్క ఇప్పుడు ఎంత చెప్తుంది?"

దుర్గ పుల్లల వైపు చూసి, నా వైపు చూసి, మెల్లగా అంది. "అయిదూ అయిదులు ఇరవై అయిదే. సున్నా ఉన్న కాడ కూడా ఇరవై అయిదే అంతాది." తరవాత కోపంగా అడిగింది. "అయితే మా తాత తప్పేటి టీచర్?"

"నిటారుగా ఉన్న మడికి రైటే. ఉప్పుమడులు మూలలు సరిగ్గా ఉండేలా కడతారు. అందుకే ఆయనకి తప్పు ఎప్పుడూ కనబడలేదు. మడి వాలితే తప్పు. ఎంత వాలితే అంత తప్పు. ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గెడ్డ పక్క చెక్క నా కళ్ల ముందుకొచ్చింది. రోడ్డు పక్క చెక్క మూలలు నిటారుగానే ఉంటాయి. కానీ గెడ్డ వంకరగా పోతుంది. దాని పక్క గట్టు కూడా వాలుగా పోతుంది. ఇవతలి గట్టు దానికి సమానంగా వాలుగానే పోతుంది. మిగతా పీరియడ్ పిల్లలతో లెక్కలు చేయించాను. ఏం చేయించానో గుర్తులేదు.

సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకి చెప్పలేదు. మంగళవారం కూడా చెప్పలేదు. సూత్రం తప్పని నాకు తెలిసింది. కానీ అంచున పడిపోయిన సూత్రం మధ్యలో ఎంత తప్పుతుందో అంచు చెప్పదు. దుర్గ లెక్కలో తేడా పాతికకి ఒకటే. అత్త చెక్కలోనూ అంతే అయితే పది కట్టలు ఎందుకు మిగులుతాయి? సరిచూడకుండా జవాబు చెప్పకూడదని పిల్లలకి రోజూ చెప్పేదాన్ని. అందుకే నేనూ ఆగాను. ఒక పక్క భయం కూడా ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి జీవితమంతా కొలిచిన కొలత తప్పని ఎలా చెప్పను?

బుధవారం బావ ఫోన్ చేశాడు. "అలాగే ఉన్నాది. మాట్లాడ్డం తగ్గిపోనాది. మావ ఏటన్నాడు?"

"తీసుకొస్తాను బావా," అన్నాను.

సాయంత్రం నాన్న అరుగు మీద తాడు పేనుతున్నాడు. పక్కన కూర్చుని పుల్లల చట్రం ఆయన మోకాలి మీద పెట్టాను.

"ఏటిది? ఆటలా?"

"నాన్నా, నాలుగు వైపులూ మారకుండా దీన్ని పక్కకి తొయ్యి."

ఆయన తోశాడు. మందమైన వేళ్లకి అది ఇట్టే వాలిపోయింది. ఒక్కసారి నా ముఖం చూశాడు. మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ తోశాడు. పూర్తిగా పడుకోబెట్టి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"టేపు తప్పు సెప్పినాదంతావేటి?"

"టేపు రైటే నాన్నా. వైపులు ఎంతో చెప్పింది. చెక్క ఎంత వాలిందో మనం టేపుని అడగలేదు."

"నువ్వు సూసినావు గదమ్మీ ఆ రోజు."

"గుణకారం చూశాను. లెక్క చూడలేదు."

తాడు కిందపెట్టాడు. "కొంచెం వాలితే?"

"కొంచెం తగ్గుతుంది."

"శానా వాలితే?"

"చాలా తగ్గుతుంది."

"మా సెల్లి సెక్క ఎంత వాలినాది?"

"కొలవాలి."

వీధిలో ఉప్పు లారీ ఒకటి వెళ్లింది. ఆయన పుల్లల చట్రం నా చేతికి తిరిగిచ్చాడు.

"ఫోన్ చేద్దామా నాన్నా? అత్తతో ఒక్క మాట చెప్పు."

"ఏటి సెప్పను? తప్పు అని సెప్పనా, ఎంత తప్పో తెల్దని సెప్పనా? పన్నెండేళ్లు నోరు మూయించినాను. ఇప్పుడు ఉత్తి సేతుల్తో ఎల్లి ఊసులాడ్డమేటి? రేపు పొద్దుగాల కొలుద్దాం. ఎంతో అంత పట్టుకుని పదకొండు బస్సుకి ఎల్దాం. అది అడిగిందానికి సరైన జవాబు సెప్పాల."

అది నాకు నచ్చింది. సరిచూసి చెప్పడం. ఎవరూ నేర్పకుండానే ఈ మనిషి కూడా నేను నేర్పేదే అంటున్నాడని సంతోషించాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. నేను దాన్ని పక్కన పెట్టేశాను.

గురువారం ఏడున్నరకి గెడ్డ పక్కకి వెళ్లాం. వరి కోసేశాక చల్లిన మినుము జానెడెత్తు లేచింది. నాన్న మొక్క తొక్కకుండా కాలు తీసి కాలు వేస్తూ నడిచాడు. పాత మేకులు అక్కడే ఉన్నాయి. ముందు నాలుగు వైపులూ కొలిచాడు. నూటయాభై, నూటఇరవై, నూటయాభై, నూటఇరవై. "సూడు, అడుగు తేడా లేదు," అన్నాడు. పన్నెండేళ్ల కిందటి గొంతే.

తరవాత మూలమట్టం. మేస్త్రీలు పునాది మూల సరిచూసే తాడు. మూడడుగులకి ఒకటి, ఆపైన నాలుగడుగులకి ఒకటి, ఆపైన అయిదడుగులకి ఒకటి ముడులుంటాయి. ఆ మూడు ముక్కలూ త్రిభుజంగా కలిస్తే మూల నిటారు. ఉత్తరం గట్టు పడమటి మూల నుంచి నిటారుగా దక్షిణం గట్టు మీదికి రావాలి. నాన్న మూల దగ్గర టేపు పట్టుకున్నాడు. నేను దక్షిణం గట్టు మీద తాడు పరిచి, టేపు నిటారుగా పడేదాకా అటూ ఇటూ జరిగాను.

"పడినాదా?"

"పడింది."

"ఎంత?"

"తొంభై ఆరు."

"అడుగులేనా? సరీగా సూడు."

"అడుగులే నాన్నా. ఇక్కణ్ణుంచి ఈ గట్టు మూల మేకు డెబ్బై రెండడుగుల దూరంలో ఉంది."

ఆయన గట్టు మీదుగా నా దగ్గరికొచ్చాడు. ఆ మేకు వైపు చూశాడు. వాలుగా పోయిన గట్టు వైపు చూశాడు. డెబ్బై రెండు, తొంభై ఆరు, నూటఇరవై. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయనే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మూడు ఇరవైనాలుగులు. నాలుగు ఇరవైనాలుగులు. అయిదు ఇరవైనాలుగులు. మూలమట్టం తాడే ఇది. పెద్దది." తడుముకుంటూ అన్నాడు. "కొలత రైటే అయితే."

"రైటే."

నేను గట్టు మీద కూర్చుని కాగితం తీశాను. నూటయాభై ఇంటూ తొంభై ఆరు. పద్నాలుగు వేల నాలుగు వందలు. కర్ణం కూడా కొలిచి, రెండు త్రిభుజాలుగా విడగొట్టి మళ్లీ చేశాను. ఒక చదరపు అడుగు తేడాతో అదే వచ్చింది.

"ఏ కొలతలో?" అని నాన్న అడిగాడు. నా ప్రశ్నలు ఆయనకి ఎప్పుడు పట్టుబడ్డాయో తెలీదు. రోజూ ఇంట్లో ట్యూషన్ పిల్లల్ని అడుగుతుంటే విని ఉంటాడు.

"చదరపు అడుగులు."

"సుమారుగా?"

"నూటయాభై వందలు పదిహేను వేలు. తొంభై ఆరు కాబట్టి కొంచెం తక్కువ."

"అది కాదమ్మీ." ఆయన మినుము మీద చూపు నిలిపాడు. "పద్దెనిమిది వేలకి ఏబై కట్టలు. దీనికెన్ని?"

నేను కాగితం మీద చెయ్యలేదు. పద్దెనిమిది వేలలో పద్నాలుగు వేల నాలుగు వందలంటే అయిదు పాళ్లలో నాలుగు పాళ్లు. యాభైలో నలభై.

"నలభై," అన్నాను.

"పది మిగులుతాది," అన్నాడు నాన్న.

గెడ్డలో నీళ్లు కొంచెమే ఉన్నాయి. అవతలి ఒడ్డున ఎవరో బట్టలుతుకుతున్నారు. నాన్న ఆ శబ్దం వింటున్నట్టు నిలబడ్డాడు.

"అది సదువుకోలేదు. టేపు పట్టలేదు. నారు లెక్కపెట్టి సెప్పీసినాది. ఏటేటా తెచ్చి నా గుమ్మంలో పెట్టీసినాది. నాను గేదెకేసినాను." కొంచెం ఆగి, "ఎంతైనాది టైము?" అన్నాడు.

"తొమ్మిదిన్నర దాటింది నాన్నా."

"పదకొండు బస్సుకేల? ఆటో మాటాడు. ఇప్పుడే ఎల్దాం."

ఫోన్ తీశాను. అది నా చేతిలోనే మోగింది. మురళీమోహన్ బావ.

బావ ఏడవలేదు. "అమ్మ పోనాది, రాజీ," అన్నాడు. "ఇందాకే. మావకి సెప్పు."

నేను చెప్పక్కర్లేదు. నాన్న నా ముఖం చూశాడు. ఆయన చేతిలో టేపు ఇంకా చుట్టలేదు. గట్టు మీద పొడుగ్గా పరుచుకునే ఉంది. ఆయన దాన్ని మెల్లగా, మట్టి తుడుస్తూ, అడుగు అడుగూ చుట్టడం మొదలుపెట్టాడు. వంద అడుగులూ చుట్టేదాకా నేను నిలబడే ఉన్నాను.

పదో రోజు భోజనాలయ్యాక, బంధువులందరూ ఉండగా, నాన్న లేచి నిలబడ్డాడు. మంచినీళ్ల గ్లాసు చేతిలో ఉంది. తాగలేదు.

"మా సెల్లి సెక్క సిన్నదే," అన్నాడు. "పద్నాలుగు వేల నాలుగు వందలు. నాను పద్దెనిమిది వేలన్నాను. అది రైటు, నాను తప్పు. అది అబద్ధం ఆడలేదు. అందరూ ఇనండి."

ఎవరో పెద్దాయన "ఇప్పుడెందుకులే అసిరయ్యా" అన్నాడు. బావ తల దించుకుని ఆకు మడుస్తున్నాడు.

"రోడ్డు పక్క నా సెక్కలోంచి ఇరవై నాలుగు అడుగుల వెడల్పు మురళికి కోసి ఇస్తాను. నూటయాభై పొడుగూ," అన్నాడు నాన్న.

ఇరవై నాలుగు నూటయాభైలు మూడు వేల ఆరు వందలు. నాకు వెంటనే తట్టింది. పక్కకి పిలిచి చెప్పాను. "నాన్నా, తేడా అంతా ఇచ్చేస్తే అటు పద్దెనిమిది వేలు, ఇటు పద్నాలుగు వేల నాలుగు వందలవుతుంది. అప్పుడు నీదే చిన్నది. సగం ఇస్తే సమానం. పన్నెండు అడుగులు చాలు. చెరో పదహారు వేల రెండు వందలు."

"నీ లెక్క రైటే."

"మరి?"

"పన్నెండేళ్లు అది సిన్నదాంట్లో పండించుకున్నాది. ఇకనుంచి నాను పండించుకుంతాను."

బావ వద్దన్నాడు. "అమ్మ భూమడగలేదు మావా. మాటడిగింది."

"మాట ఇవ్వలేకపోనాను గదరా," అన్నాడు నాన్న. బావ ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు.

నేను బడికి వెళ్తూనే ఉన్నాను. బోర్డు మూల ఆ మూడు ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి. దుర్గ వాళ్ల తాతకి పుల్లల చట్రం చూపించిందట. "నా మడులు వాల్లేదులేవే" అన్నాడట ముసలాయన. పిల్లలు సుమారుగా ఇంత అన్నప్పుడు నేను ఇప్పుడు తొందరగా దాటెయ్యడం లేదు. ఎవరు చెప్పినా ఆగి వింటున్నాను.

జూలైలో వానలు పడ్డాయి. ఉబాలు మొదలయ్యాయి. బావకి ఉద్యోగం రోజులు కావడంతో గెడ్డ చెక్క నాట్లు నాన్నే దగ్గరుండి చూశాడు. నారుమడిలో కట్టలు ఆయనే లెక్కపెట్టి పక్కకి పెట్టాడు. నలభై. కావిడి మోసేవాళ్లు ఇంకో పది వెయ్యమంటారా అని అడిగితే వద్దన్నాడు.

మధ్యాహ్నానికి నాట్లు అయిపోయాయి. నాటిన ఆడవాళ్లలో పెద్దామె కాళ్లు గెడ్డలో కడుక్కుంటూ, "సరీగా సరిపోనాది మావా. ఒక్క కట్టా మిగల్లేదు. ఎవులు లెక్కేసినారో గానీ," అంది.

"మా సెల్లి," అన్నాడు నాన్న.

సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన అరుగు మీద ఒక పక్కగా, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మిగతా అరుగంతా, అత్త కట్టలు పెట్టే చోటంతా, ఖాళీగా వదిలేశాడు. వీధివైపు చూస్తున్నాడు. దీపాలు పెట్టేవేళ దాటినా లేవలేదు. నేనూ లోపలికి వెళ్లలేక, మెట్టు మీద కూర్చున్నాను.